శుంభుడి నింద, అమ్మవారి జవాబు: నవరాత్రులలో మనం కొలిచే శక్తి ఎవరిది?

మహిషాసుర సంహారం కథ పిల్లలకు చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఇలా చెబుతాం: మహిషుణ్ణి గెలవడం దేవతల వల్ల కాలేదు. అందరూ తమ తమ తేజస్సులు కలిపారు. అందులోంచి దుర్గ పుట్టింది. శివుడు శూలం ఇచ్చాడు, విష్ణువు చక్రం ఇచ్చాడు. వాటితో ఆమె రాక్షసుణ్ణి చంపింది.

కథ నిజంగా గ్రంథంలో అలాగే ఉంది. కానీ దాని నుంచి మనం తీసే అర్థం, అంటే అమ్మవారి బలం దేవతలు పోగుచేసి ఇచ్చిన బలమన్న మాట, ఆ గ్రంథంలో పైకి అనేది ఒక రాక్షసుడే. అతడు శుంభుడు. దేవీమాహాత్మ్యం 10వ అధ్యాయంలో తమ్ముడు నిశుంభుడు చనిపోయాక, సేన అంతా నశించాక, శుంభుడు ఆమెను ఎత్తిపొడుస్తాడు: “బలావలేపదుష్టే త్వం మా దుర్గే గర్వమావహ, అన్యాసాం బలమాశ్రిత్య యుద్ధ్యసే యాతిమానినీ.” నువ్వు గర్వపడకు దుర్గా, ఎవరెవరి బలాన్నో ఆసరా చేసుకుని పోరాడుతున్నావు, పైగా ఇంత అభిమానమా అని.

శరన్నవరాత్రులలో ఇళ్లలో, గుళ్లలో పారాయణం చేసే గ్రంథం ఇదే కాబట్టి, ఈ నిందకు అది ఏం జవాబు చెబుతుందో చూస్తే శక్తి అనే భావనలోని చిక్కు చాలావరకు విడిపోతుంది. రోజుకో అలంకారం ఎందుకు, ఒక ఊళ్లో ఒక వరుస, మరో ఊళ్లో మరో వరుస ఎందుకు అన్న సందేహాలకు కూడా అక్కడే దారి దొరుకుతుంది.

దేవీమాహాత్మ్యం మార్కండేయ పురాణంలో 81 నుంచి 93 వరకు ఉన్న 13 అధ్యాయాల భాగం. దుర్గాసప్తశతి అన్నా, చండీ అన్నా ఇదే. ఇందులో మూడు చరితాలున్నాయి. మొదటి అధ్యాయం ఒక్కటే ప్రథమ చరితం, అందులో మధుకైటభుల కథ. 2 నుంచి 4 వరకు మధ్యమ చరితం, మహిషాసురుడి కథ. 5 నుంచి 13 వరకు ఉత్తమ చరితం, శుంభనిశుంభుల కథ. వీటికి మహాకాళి, మహాలక్ష్మి, మహాసరస్వతి అధిదేవతలు. చాలా ఇళ్లలో నవరాత్రులను మూడేసి రోజులుగా విడదీసి ఈ ముగ్గురి పేర్లతో పూజించే పద్ధతికి ఆధారం ఈ విభజనే.

ఈ కథలన్నీ ఒక ముని ఇద్దరు దుఃఖితులకు చెప్పినవి. సురథుడనే రాజు శత్రువుల చేతిలో ఓడి, సొంత మంత్రులే ఖజానాను, సేనను కాజేస్తే అడవికి వచ్చాడు. సమాధి అనే వైశ్యుణ్ణి డబ్బు కోసం భార్యాబిడ్డలే ఇంట్లోంచి గెంటేశారు. మేధా మహర్షి ఆశ్రమం దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. వాళ్లను వేధిస్తున్నది పోయిన సంపద ఒక్కటే కాదు. నన్ను మోసం చేసినవాళ్ల చేతిలో నా ఏనుగు ఎలా ఉందో అని రాజుకు బెంగ. తరిమేసిన కొడుకులు క్షేమంగా ఉన్నారో లేదో అని వైశ్యుడికి బెంగ. ఇది తప్పని మాకు తెలుసు, అయినా మనసు ఎందుకు అటే పోతోంది అని వాళ్లు మునిని అడిగారు. శక్తి గురించిన ఇంత పెద్ద చర్చ దేవతల కష్టంతో మొదలవలేదు, తెలిసి కూడా మమకారాన్ని వదల్లేని ఇద్దరు మనుషుల ప్రశ్నతో మొదలైంది. నాకు ఈ గ్రంథంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

మహర్షి జవాబు ఏమిటంటే, జ్ఞానుల మనసులను కూడా బలవంతంగా లాగి మోహంలో పడేసేది మహామాయ, ప్రసన్నురాలైతే ముక్తినిచ్చేది కూడా ఆమే. అయితే ఎవరామె, ఎలా పుట్టింది అని రాజు అడిగాడు. ఆమె నిత్యురాలు, ఈ జగమే ఆమె రూపం, దేవతల పని కోసం కనిపించినప్పుడు మాత్రం “పుట్టింది” అని లోకం చెప్పుకుంటుంది అన్నాడు ముని. దుర్గ తేజస్సులోంచి పుట్టే ఘట్టం ఇంకా రాకముందే, ఆ పుట్టుకను ఎలా అర్థం చేసుకోవాలో గ్రంథం ఇక్కడే చెప్పేసింది. ఈ వాక్యాన్ని దాటేసి మహిషాసురుడి కథకు వెళ్లినవాళ్లు శుంభుడి దారిలోనే పడతారు.

మొదటి కథలో అమ్మవారు అసలు యుద్ధమే చేయదు. విష్ణువు యోగనిద్రలో ఉంటాడు. మధుకైటభులు బ్రహ్మను చంపడానికి వస్తారు. బ్రహ్మ విష్ణువును నేరుగా లేపడు. ఆయన కళ్ల మీద ఉన్న నిద్రను స్తోత్రం చేస్తాడు, ఎందుకంటే ఆ నిద్రే దేవి. విష్ణువు చేత, నాచేత, ఈశానుడి చేత శరీరాలు ధరింపజేసింది నువ్వే అని ఆ స్తోత్రంలో అంటాడు. ఆమె తొలగితేనే విష్ణువు లేస్తాడు, 5000 ఏళ్లు పోరాడతాడు. అసురులను మోహంలో ముంచి, వరం కోరుకో అని వాళ్లచేతే విష్ణువుతో అనిపించింది కూడా మహామాయే. ఇక్కడ శక్తి నిద్రగా ఉంది, మోహంగా ఉంది, ఆయుధంగా లేదు.

ఇక రెండో చరితం. మహిషుడు స్వర్గాన్ని ఆక్రమించాడని విన్న విష్ణువు, శివుడు కోపంతో మండిపోతారు. వాళ్ల ముఖాల నుంచి, బ్రహ్మ ముఖం నుంచి, తర్వాత ఇంద్రుడు, మిగతా దేవతల శరీరాల నుంచి తేజస్సు వెలువడి, మండే పర్వతంలా ఒక్కచోట చేరి స్త్రీమూర్తి అవుతుంది. శివతేజంతో ముఖం, యమతేజంతో కేశాలు, విష్ణుతేజంతో భుజాలు, బ్రహ్మతేజంతో పాదాలు, అగ్నితేజంతో మూడు కళ్లు అని గ్రంథం ఒక్కొక్కటే లెక్క చెబుతుంది. ఆ తర్వాత ఆయుధాలు. శివుడు తన శూలాన్ని ఇచ్చేశాడని అక్కడ లేదు. శూలంలోంచి మరో శూలాన్ని తీసి ఇచ్చాడని ఉంది. విష్ణువు కూడా తన చక్రంలోంచే ఇంకో చక్రాన్ని తీశాడు. వాళ్ల ఆయుధాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. హిమవంతుడు సింహాన్నిచ్చాడు, కుబేరుడు ఎప్పటికీ ఖాళీ కాని పానపాత్ర ఇచ్చాడు.

చదువుతుంటే శుంభుడి మాట నిజమేననిపిస్తుంది. అవయవాలు ఒకరివి, ఆయుధాలు మరొకరివి. కానీ మహిషుడు చచ్చాక 4వ అధ్యాయంలో అదే దేవతలు చేసిన స్తుతి ఎలా మొదలవుతుందో చూడండి: “దేవ్యా యయా తతమిదం జగదాత్మశక్త్యా, నిశ్శేషదేవగణశక్తిసమూహమూర్త్యా.” తన సొంత శక్తితో ఈ జగమంతా నిండినది, దేవగణాలందరి శక్తుల సమూహమే మూర్తిగా కలది. రెండు మాటలూ ఒకే శ్లోకంలో, ఒకే ఊపిరిలో ఉన్నాయి. దేవతల శక్తి ఆమెలో చేరింది నిజమే, అయితే అది మొదటి నుంచీ ఆమెదే. తేజస్సు ఇచ్చినవాళ్లే ఆ మాట ఒప్పుకుంటున్నారు.

ఈ ఆలోచన దేవీమాహాత్మ్యంతోనే మొదలైంది కాదు. కేనోపనిషత్తులో దేవతలు ఒక విజయం సాధించి అది తమ ఘనతేనని మురిసిపోతుంటే ఎదుట ఒక యక్షం కనిపిస్తుంది. అది పెట్టిన గడ్డిపరకను అగ్ని కాల్చలేకపోతాడు, వాయువు కదల్చలేకపోతాడు. ఇంద్రుడు దగ్గరికి వెళ్లేసరికి అది మాయమై, ఆ చోట ఉమాహైమవతి కనిపిస్తుంది. మీరు గెలిచిన గెలుపు బ్రహ్మానిది అని చెప్పింది ఆమే. దేవతలకు తమ బలం ఎక్కడిదో చెప్పే స్త్రీమూర్తి అప్పటికే మన వాఙ్మయంలో ఉందన్నమాట.

మూడో చరితంలో వాదం ఇంకా ముదురుతుంది. 5వ అధ్యాయంలో దేవతలు హిమాలయం దగ్గర “యా దేవీ సర్వభూతేషు” అంటూ స్తోత్రం చేస్తారు. నవరాత్రులలో ప్రతి మైకులోనూ వినిపించేదే ఇది. అందులో చేతన, బుద్ధి, శ్రద్ధ, దయ, లజ్జ, స్మృతి ఉన్నాయి. వాటితోపాటే నిద్ర, ఆకలి, దప్పిక, చివర్లో భ్రాంతి కూడా ఉన్నాయి. అన్ని ప్రాణులలో ఆకలిగా ఉన్న ఆమెకు నమస్కారం, భ్రాంతిగా ఉన్న ఆమెకు నమస్కారం. శక్తిని మనం మంచివైపు మాత్రమే నిలబడే బలంగా ఊహించుకుంటే ఈ వరుసలకు అర్థం చెప్పలేం. సురథుడిని, సమాధిని మమకారంలో కట్టేసినది కూడా ఆమేనని మేధా మహర్షి ముందే చెప్పాడు కదా, ఈ స్తోత్రం దాన్నే విడమరిచి చెబుతోంది.

ఆ స్తోత్రం జరుగుతుండగా స్నానానికి వచ్చిన పార్వతి శరీరకోశం నుంచి కౌశికి వెలువడుతుంది. శుంభుడి సేవకులైన చండముండులు ఎదురుపడినప్పుడు ఆమె నుదుటి నుంచి కాళి వస్తుంది, వాళ్ల తలలు తెచ్చి చాముండ అనే పేరు పొందుతుంది. రక్తబీజుడి యుద్ధానికి వచ్చేసరికి దేవతల శరీరాల నుంచి వాళ్ల వాళ్ల శక్తులు బయటికి వస్తాయి. ఏ దేవుడికి ఏ రూపమో, ఏ వాహనమో అతడి శక్తికీ అదే. బ్రహ్మాణి హంస విమానం మీద, మాహేశ్వరి వృషభం మీద, కౌమారి నెమలి మీద, వైష్ణవి గరుడుడి మీద, ఇంకా వారాహి, నారసింహి, ఐంద్రి. సప్తమాతృకలు వీళ్లే. చండిక అని కూడా పిలిచే ఆ దేవి శరీరం నుంచి కూడా ఒక భయంకరమైన శక్తి వెలువడి, శివుణ్ణే శుంభుడి దగ్గరికి రాయబారిగా పంపుతుంది. అందుకే ఆమె శివదూతి. శివుడు ఆమె మాట మోసుకుని వెళ్లిన ఈ చిన్న ఘట్టం ఈ గ్రంథం ఎటువైపు మొగ్గుతోందో తేటగా చూపిస్తుంది.

రక్తబీజుడి నెత్తురు చుక్క నేలమీద పడితే చాలు, వాడంతటి అసురుడు పుడతాడు. ఐంద్రి వజ్రంతో కొట్టింది, వైష్ణవి చక్రంతో నరికింది, కౌమారి బల్లెంతో పొడిచింది. దెబ్బ తగిలిన కొద్దీ నెత్తురు, నెత్తురు పడిన కొద్దీ రక్తబీజులు, చివరికి లోకమంతా వాళ్లే నిండి దేవతలు వణికిపోయారు. అప్పుడు చండిక నవ్వి కాళిని నోరు తెరవమంది. కారిన నెత్తురంతా నేల తాకకముందే కాళి తాగేస్తుంటే, నెత్తురు లేక వాడు కూలిపోయాడు. దేవతల నుంచి వచ్చిన శక్తుల చేతిలో పెరుగుతూ పోయిన సమస్య, దేవి నుదుటి నుంచి వచ్చిన శక్తితో తీరిందని నేను చదువుకుంటాను. ఆ మాట గ్రంథం విప్పి చెప్పలేదు గానీ, రెండు అధ్యాయాల తర్వాత రాబోయే జవాబుకు నేల సిద్ధం చేసినట్టే ఉంటుంది.

శుంభుడు ఎవరెవరి బలమో అన్నప్పుడు, అతడి కళ్ల ముందున్నది ఈ మాతృకలే. కనిపించినంతవరకు అతడు అబద్ధం చెప్పలేదు. అమ్మవారి జవాబు ఇది: “ఏకైవాహం జగత్యత్ర ద్వితీయా కా మమాపరా, పశ్యైతా దుష్ట మయ్యేవ విశంత్యో మద్విభూతయః.” ఈ జగత్తులో ఉన్నది నేనొక్కదాన్నే, నేను కాక రెండోది ఎవరు? చూడు, నా విభూతులే ఇవి, నాలోకే వస్తున్నాయి. అనగానే బ్రహ్మాణి మొదలైనవాళ్లంతా ఆమె శరీరంలో లీనమయ్యారు. ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కతే శుంభుణ్ణి చంపింది. 2వ అధ్యాయంలో అనేకం నుంచి ఒకటి రావడం చూశాం, ఇక్కడ అనేకం ఒకటిలోకి పోవడం చూస్తాం. మధ్యలో జరిగినదంతా ఆమె విస్తరణే.

ఇది శాక్తేయుల దృష్టి అని మరచిపోకూడదు. శివుడితో విడదీయరాని శక్తిగా, విష్ణువు వక్షస్థలంలో ఉన్న లక్ష్మిగా చూసే సంప్రదాయాలు ఆమెకు ఇంత స్వతంత్రమైన స్థానం ఇవ్వకపోవచ్చు. శక్తితో కూడితేనే శివుడు ఏదైనా చేయగలడని మొదలయ్యే సౌందర్యలహరి కూడా ఇద్దరినీ కలిపే చూస్తుంది. దేవీమాహాత్మ్యం మాత్రం ప్రధానంగా భర్త పేరుతో ఆమెను గుర్తించదు. యుద్ధం చేస్తున్నంతసేపూ ఆమె పక్కన భర్త ఎవరూ ఉండరు.

ఇప్పుడు అలంకారాల దగ్గరికి వద్దాం. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ నవరాత్రులలో బాలాత్రిపురసుందరిగా, గాయత్రిగా, అన్నపూర్ణగా, లలితగా, మహాలక్ష్మిగా, మూలానక్షత్రం రోజున సరస్వతిగా, దుర్గగా, మహిషాసురమర్దనిగా, చివరికి రాజరాజేశ్వరిగా దర్శనమిస్తుంది. శ్రీశైలంలో భ్రమరాంబకు శైలపుత్రి, బ్రహ్మచారిణి, చంద్రఘంట అంటూ నవదుర్గల వరుస. ఏది సరైన వరుస అని ప్రతి ఏడూ వాదన వినిపిస్తుంది. నవదుర్గల పేర్లు సప్తశతికి ముందు చదివే దేవీకవచంలో ఉన్నాయి, 13 అధ్యాయాల కథలో ఆ వరుస లేదు. బాల, లలిత, రాజరాజేశ్వరి శ్రీవిద్యా సంప్రదాయం నుంచి వచ్చిన రూపాలు. రెండిట్లో ఏదీ తప్పు కాదు, ఏదీ ఒక్కటే ప్రమాణమూ కాదు. 2025లో ఒక తిథి రెండు సూర్యోదయాలకు ఉండటంతో ఉత్సవాలు సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 వరకు 11 రోజులు జరిగాయి, ఇంద్రకీలాద్రి మీద కాత్యాయని అలంకారం అదనంగా చేరింది. రూపాల సంఖ్య తొమ్మిది దగ్గరే ఆగాలన్న నియమం ఉంటే అది కుదిరేది కాదు.

గర్భాలయంలో ఉన్నది ఒకే మూలమూర్తి. చీర మారుతుంది, చేతుల్లో వీణో, చెరకువిల్లో, అన్నం వడ్డించే గరిటో మారుతుంది. పదో అధ్యాయంలోని “ఏకైవాహం” ఆలయంలో కనబడేది ఇలాగే. రోజుకో దేవతను పిలిచి పంపించడం లేదు.

బెంగాల్‌లో ఇదే పండుగ మట్టి ప్రతిమతో, షష్ఠి నాడు దేవిని మేల్కొలిపే బోధనతో మొదలవుతుంది. అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు కలిపి జరిపే సంధిపూజ చాముండ రూపానికి, చండముండుల వధకు సంబంధించినది. తెలంగాణలో మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు, గునుగు, తంగేడు పూలు పేర్చి పైన పసుపు గౌరమ్మను నిలిపి ఆడతారు. అక్కడ అసురుడూ లేడు, ఆయుధమూ లేదు. శక్తిని యుద్ధంలో మాత్రమే వెతికితే ఈ పండుగ దేవీపూజ లెక్కలోకి రాదు. ఆకలి, నిద్ర, తల్లితనం, తృప్తి ఆమే అన్న 5వ అధ్యాయపు స్తోత్రం గుర్తుంటే మాత్రం ఇబ్బంది ఉండదు.

కుమారీపూజకు కూడా ఆధారం ఈ ఏకత్వంలోనే ఉంది. లోకాలలోని స్త్రీలందరూ నీ రూపభేదాలే అని 11వ అధ్యాయంలో దేవతలు స్తుతిస్తారు. రెండేళ్ల నుంచి పదేళ్ల వరకు వయసున్న బాలికలను ఏ ఏ పేర్లతో పూజించాలో దేవీభాగవతం చెబుతుంది. ఏడాది పిల్లకు గంధం, రుచి తెలియవు కాబట్టి ఆమెను కూర్చోబెట్టవద్దని కూడా అంటుంది. పూజ అందుకునే పిల్ల సుఖాన్ని పట్టించుకున్న నియమం అది. ఆకలితో ఏడుస్తున్న పిల్లను గంటల తరబడి పీట మీద కూర్చోబెట్టడం ఆ నియమానికి విరుద్ధమే.

శరత్కాలంలో ఏటా చేసే మహాపూజలో ఈ మాహాత్మ్యం వినమని 12వ అధ్యాయంలో దేవి స్వయంగా చెబుతుంది. 13వ అధ్యాయంలో సురథుడు, సమాధి నది ఒడ్డున మట్టితో ఆమె మూర్తి చేసి మూడేళ్లు ఆరాధించారు. ప్రత్యక్షమైనప్పుడు రాజు తన రాజ్యాన్ని, మరుజన్మలో చెదరని రాజ్యాన్ని అడిగాడు. వైశ్యుడు నేను, నాది అన్న అంటు వదిలించే జ్ఞానం అడిగాడు. ఇద్దరికీ ఇచ్చింది. రాజ్యం అడిగినవాణ్ణి ఆమె తక్కువ చేయలేదు.

పారాయణం చేసేవాళ్లకు చివరగా ఒక సంగతి. సప్తశతి తర్వాత చదివే వైకృతిక రహస్యంలో, మొత్తం చదవలేనివారు మధ్యమ చరితం ఒక్కటి చదవవచ్చు, మిగతా రెండిట్లో ఏ ఒక్కటీ విడిగా చదవకూడదు, ఏ చరితాన్నీ సగంలో ఆపకూడదు అని ఉంది. కారణం అక్కడ వివరించలేదు. నాకు తోచింది ఇది: మధ్యమ చరితంలో 2వ అధ్యాయం దగ్గరే ఆపితే దేవతలు తేజస్సు ఇచ్చారు, ఆయుధాలిచ్చారు అన్నదాకానే తెలుస్తుంది, మనం శుంభుడి మాట దగ్గరే నిలిచిపోతాం. 4వ అధ్యాయం దాకా వెళితే “ఆత్మశక్త్యా” అని ఆ దేవతలే చెబుతారు. సమయం తక్కువగా ఉన్నవాళ్లు ఒక పూటలో ఈ మూడు అధ్యాయాలు పూర్తి చేయవచ్చు.